తీసేసిన పేరా

ఫిల్మ్‌నగర్‌లో అవకాశం అడగడానికి వెళ్లేవాడు ముందు పొగుడుతాడు, చివర పొగుడుతాడు, మధ్యలో ఎక్కడో తన పేరు చెప్పుకుంటాడు. ఈ పద్ధతిని తూచా తప్పకుండా పాటించిన మనిషి త్రినాథరావు. తణుకు నుంచి వచ్చి కో-డైరెక్టర్ దాకా ఎదిగి అక్కడే ఆగిపోయాడు. ఎందుకు ఆగిపోయాడో కూడా ఆయనకు తెలుసు. వయసులో ఉండగా ఓ హీరో కథ మీద అభిప్రాయం అడిగితే, సెకండాఫ్ తేలిపోయిందని నిజం చెప్పాడు. ఆ తర్వాత ఆ ఆఫీసు గేటు ఆయనకు తెరుచుకోలేదు. ఒక్క నిజం తన బతుకును మింగేసిందన్న నమ్మకాన్ని కూతురికి ఉగ్గుపాలతో పోశాడు.

కూతురు మనోజ్ఞ ఎం.టెక్ చదివి ఫిల్మ్‌నగర్‌లోనే ఓ సౌండ్ స్టూడియోలో పనిచేస్తుంది. ఆమెకు పీహెచ్‌డీ చేయాలని పిచ్చి. నిరుడు ఒకే ఉత్తరం రాసి, విశ్వవిద్యాలయం పేరు, ప్రొఫెసర్ పేరు మార్చి దొరికిన చోటికల్లా పంపింది. పంపిన చోటల్లా కాదన్నారు. అనరూ మరి! అందరికీ రాసిన ప్రేమలేఖకు ఎవరు జవాబిస్తారు?

ఈసారి బుద్ధిగా ఒకే బృందాన్ని పట్టుకుంది. ఐరోపాలో ఓ విశ్వవిద్యాలయం. మోతలో కలిసిపోయిన మాటను విడదీసి, వినికిడి తగ్గినవాళ్లకు స్పష్టంగా వినిపించడం వాళ్ల పని. జీతంతో కూడిన ఒకే ఒక్క స్థానం ప్రకటించారు. మనోజ్ఞ వాళ్ల పేపర్లు వరసపెట్టి చదివింది. వాళ్లు అందరికీ తెరిచి ఉంచిన కోడ్‌ను దించుకుని స్టూడియోలో నడిపి చూసింది.

అప్పుడు దొరికింది ఒక లొసుగు. నిశ్శబ్దమైన గదిలో రికార్డు చేసిన మాటకు విడిగా తీసిన మోతను కలిపి, దాని మీద తమ పద్ధతిని పరీక్షించారు వాళ్లు. కానీ మోత మధ్య నిలబడ్డ మనిషి అలా మాట్లాడడు. గొంతు పెంచుతాడు, అక్షరాలు సాగదీస్తాడు. అలాంటి అసలు మాట మీద తమ పద్ధతి పనిచేస్తుందో లేదో తెలియదని పేపర్ చివరి పేజీలో వాళ్లే ఒప్పుకున్నారు.

దానికి జవాబు మనోజ్ఞ దగ్గరుంది. షూటింగులో జనరేటర్ మోత మధ్య నటుడు చెప్పిన మాట పైలట్ ట్రాక్‌లో, అంటే సెట్‌లో తీసిన ముడి రికార్డింగులో, ఉంటుంది. అదే మాటను అదే నటుడు డబ్బింగ్ గదిలో నిశ్శబ్దం మధ్య మళ్లీ చెబుతాడు. రెండూ పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఇంతకంటే ఏం కావాలి! ఓ చిన్న సినిమా నిర్మాత అనుమతి తీసుకుని కొన్ని డైలాగుల మీద పరీక్షించింది. సాగదీసిన మాటల చివరి అక్షరాలను ఆ పద్ధతి మోత అనుకుని చెరిపేస్తోంది. ఎందుకు చెరుపుతోందో, తాను వస్తే ఏం చేసి చూస్తుందో ఒక పేరాలో రాసింది.

స్టూడియోలో సీనియర్ ఇంజనీర్ క్రాంతికుమార్ ఆ దరఖాస్తు చదివాడు. రహమత్ నగర్ మనిషి, మెచ్చుకోవడంలో మహా పిసినారి.

"మిగిలిన కాగితమంతా ఎవలన్న రాస్తరు. గీ పేరా నువ్వు తప్ప ఇంకొకలు రాయలేరు. దీన్ని జర పైకి తే," అన్నాడు.

ఆ ఉత్సాహంతో వెంగళరావు నగర్‌లోని ఇంటికి వెళ్లి తండ్రికి చూపించింది. త్రినాథరావు కళ్లజోడు సవరించుకుని చదివాడు. ఆ పేరా దగ్గర ఆయన మొహం పాలిపోయింది.

"ఏంటమ్మా ఇది? చోటిమ్మని అడుగుతూ, ఇల్లు వంకరగా కట్టారంటావా?"

మనోజ్ఞ చాలాసేపు వాదించింది. వాళ్లే తెలియదని రాసుకున్నారని, అక్కడ ఇలాగే అడుగుతారని చెప్పింది. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తన బతుకు చూసైనా నేర్చుకోమన్నాడు. పెద్దవాళ్లకు మన తెలివి చూపించాల్సింది లోపలికి వెళ్లాక గాని గుమ్మంలో కాదన్నాడు. నిరుడు వరసగా వచ్చిన తిరస్కారాలు ఆమెను అప్పటికే భయపెట్టి ఉన్నాయి. భయపడ్డ మనిషికి ప్రేమగా ఇచ్చిన చెడ్డ సలహా విషంలా ఎక్కుతుంది. పేరా తీసేసింది. ఆ చోట వాళ్ల కృషి అద్భుతమని, తనకు ఎంతో స్ఫూర్తి అని రాసి పంపింది.

అయినా ఇంటర్వ్యూకు పిలిచారు. ఆమె మార్కులు, స్టూడియో అనుభవం చూసి పిలిచి ఉంటారు. తెర మీద బృందానికి పెద్ద అయిన ఓ నడివయసు ఆవిడ, పక్కన ఇద్దరు పరిశోధకులు. ధైర్యానికి తోడుంటానని త్రినాథరావు ల్యాప్‌టాప్ వెనక మంచం మీద కూర్చున్నాడు. ఆయనకు ఇంగ్లిష్ బాగానే అర్థమవుతుంది. అదే కొంప ముంచింది.

మొదటి ప్రశ్నలకు మనోజ్ఞ చక్కగానే చెప్పింది. అప్పుడు ఆవిడ, తమ పేపర్‌లో నీకు నమ్మకం కుదరని విషయం ఒకటి చెప్పమంది. మనోజ్ఞ నోరు తెరిచింది. త్రినాథరావు వద్దని తల అడ్డంగా ఊపాడు. అలాంటిదేమీ కనిపించలేదంది మనోజ్ఞ.

ఆవిడ మంచిది, ఇంకో అవకాశం ఇచ్చింది. చివరి పేజీలో మేమే ఒక సందేహం రాసుకున్నాం కదా, దాని గురించి ఏమనుకుంటున్నావని అడిగింది. తండ్రి రెండు చేతులూ జోడించాడు. కూతురికి, మంచం మీద నుంచి.

"అది మీ వినయం," అంది మనోజ్ఞ.

పరిశోధకుల్లో ఒకడు తల వంచుకుని ఏదో రాసుకున్నాడు. ఆవిడ కృతజ్ఞతలు చెప్పింది. ఇంటర్వ్యూ బాగా జరిగిందని త్రినాథరావు ఎర్రగడ్డ వెళ్లి మిఠాయి తెచ్చాడు.

రెండు వారాలకు జవాబొచ్చింది. మీరు సమర్థులు, కానీ మీ ఉత్తరం ఏ బృందానికైనా పంపదగ్గట్టు ఉంది, మా పనితో మీరు ఎక్కడ తలపడతారో మాకు కనబడలేదు అని రాశారు. మనోజ్ఞ స్టూడియోలో కూర్చుని అది చదివింది. ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండింది. స్థానం కోసం కాదు, ఆ నిజం తన దగ్గరే కుళ్లిపోతుందన్న బాధతో, తీసేసిన పేరాను, పరీక్షించిన ఫలితాలను ఆవిడకు పంపేసింది.

ఆవిడ మర్నాడే జవాబిచ్చింది. మనోజ్ఞ ఇంటికొచ్చి దాన్ని తండ్రికి తెలుగులో చదివి వినిపించింది. అవసరం లేదు. ఇంగ్లిష్ ఆయనకు వచ్చిన భాషే. అయినా ఒక్కో మాట ఆయన చెవిలో పడాలనిపించింది.

బృందమంతా కూర్చుని ఆ పేరా చదివారట. తమ పద్ధతి ఎక్కడ తప్పుతుందో బయటివాళ్లు చూపించడం ఇదే మొదలట. ఎంపికైన అబ్బాయి దరఖాస్తు కూడా ఇదే సందేహంతో మొదలైందట. అతని దగ్గర ప్రశ్న ఒక్కటే ఉంది, నీ దగ్గర ప్రశ్నా, దాన్ని తేల్చే రికార్డింగులూ రెండూ ఉన్నాయి, ఇది ముందే చూసి ఉంటే మా నిర్ణయం వేరుగా ఉండేది అని రాసింది. ఆ స్థానం ఇక లేదు. ఆ ప్రాజెక్టుకు వేరే నిధులూ లేవు.

వంటింట్లో కుక్కర్ కూసి ఆగింది.

"ఆవిడకు కోపం రాలేదా?" అన్నాడు త్రినాథరావు.

"లేదు."

"తప్పు పట్టావని చిన్నబుచ్చుకోలేదా? సరిగ్గా చదువు."

"లేదు నాన్నా. సంతోషించింది."

ఆయన చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాడు. ఆ ఉత్తరంలో కోపం కోసం మొదటి నుంచి చివరి దాకా తానే వెతుక్కున్నాడు. దొరకలేదు. మళ్లీ మొదటికి వచ్చాడు. మనోజ్ఞకు జాలి వేసింది, జాలి కంటే ఎక్కువగా అసహ్యం వేసింది. తండ్రి మీద అలా అనిపించడం ఆమెకు అదే మొదలు.

"ఇకమీదట నేనేం రాసినా నీకు చూపించను," అంది.

"చూపించకమ్మా," అన్నాడాయన ఫోన్ లోంచి తల ఎత్తకుండానే.