పేరు చెక్కిన పళ్లెములు

హనుమకొండలో కొత్త కాపురానికి గట్టయ్య జాబితా రాశాడు. తక్షణావసరాలలో తన పేరు చెక్కించిన ఇరవై నాలుగు స్టీలు పళ్లెములు. ‘తరువాత కొనవలసినవి’లో పట్టకారు, గంటె.

"గంటె నలుగురికి కనబడదు సరోజనా, పళ్లెం కనబడతది" అన్నాడు.

నేడు సరోజన అత్తకు తొలిసారి వండిపెడుతున్నది. అన్నం ఉడికింది, గంజి వార్చాలి. గిన్నె పట్టుకొనే దారి లేదు.

"పళ్లేలు వాపసిచ్చి పట్టకారు తేరాదురా!" అన్నది అత్త సోమక్క.

"పేరు చెక్కినంక దుకాణపాయన తీసుకోడమ్మా."

"అయితే ఆ పేరుతోనే గిన్నె దించు కొడుకా!"

గట్టయ్య పెళ్లి కండువాతో గిన్నె దించాడు. కండువా కాలింది, అన్నం అప్పటికే ముద్దయింది. సరోజన తలవంచుకొని వడ్డించింది.

"నీ తప్పు లేదు బిడ్డా" అంటూ సోమక్క జాబితాను కోడలి చేతికిచ్చింది.