ఆదివారం లోగా

మధ్య గది పైకప్పు పెచ్చులూడి, తుప్పు పట్టిన చువ్వలు బయటపడ్డాయి. నిన్న ఒక పెద్ద పెచ్చు సరిగ్గా కూతురు భూమిక పడుకునే చోటే పడింది. పిల్ల బడిలో ఉండబట్టి బతికిపోయింది. వానలు మొదలైనప్పటి నుంచి తులసీబాయి మొత్తుకుంటూనే ఉంది, ఎమ్మిగనూరులో ఉండే ఇంటి ఓనరు భీమసేనరావు వింటూనే ఉన్నాడు. వినడంలో ఆయనకున్న ఓపిక ఎవరికీ లేదు.

ఒకే మఠం వాళ్ళం, దూరపు చుట్టరికం కూడా అని, ఆదోనిలో ఈ ఇంట్లో దిగేటప్పుడు భర్త గురుదత్ బాడుగ కాగితం కూడా రాయించుకోలేదు. ఇప్పుడు మెసేజి కూడా చుట్టాలకు రాసినట్టే రాశాడు.

"మామా, నమస్కారాలు. అత్త మోకాళ్ళ నొప్పి ఎట్లుంది? వీలైనప్పుడు కప్పు సంగతి కొంచెం చూడండి. తొందరేమీ లేదు."

"తొందర లేదా? పిల్ల నెత్తిన పడేదాకా లేదా?" అని తులసి ఫోను లాక్కుంది.

ముందు "మీకు మనసనేది ఉందా" అని కొట్టింది. కోపం తీరింది గానీ దానితో పని కాదని చెరిపేసి, మళ్ళీ మొదలుపెట్టింది.

"భీమసేనరావు గారికి నమస్కారం. మధ్య గది కప్పు గురించి జూన్ నుంచి చెబుతున్నాము. నిన్న పెచ్చు పడింది, ఫోటో పంపుతున్నాను. ఆ గదిలో పాప పడుకుంటుంది. దయచేసి ఆదివారం లోగా మేస్త్రీని పంపండి. ఏ రోజు వస్తాడో చెబితే ఇంట్లో ఉంటాము. ఇట్లు, తులసీబాయి."

"మామా అని లేకుండానా?" అన్నాడు గురుదత్ బిక్కముఖం వేసి.

"మేస్త్రీ రావాల, చుట్టం కాదు" అని పంపేసింది.

"అట్లేనమ్మా, రేపే వస్తాడు" అని వెంటనే జవాబు. ఆమె ఆ జవాబును భర్త ముక్కు దగ్గర పెట్టి మరీ చూపించింది.

అన్నట్టే మేస్త్రీ జయన్న వచ్చాడు. వదులు పెచ్చులు కొట్టేసి, చువ్వల తుప్పు గీకి మందు పూసి, సిమెంటు మెత్తాడు. మిద్దె పైన పగుళ్ళు కూడా పూడ్చాడు. పని ముగిసినాక తులసి కాఫీ ఇచ్చింది.

"సామాన్లు ఎప్పుడు తీస్తారమ్మా? కొత్తోళ్ళు వచ్చేలోగా రంగు కొట్టమన్నాడు రావు సామి."

"ఏ కొత్తోళ్ళు?"

"నెలాఖరుకు మీరు పోతాండారంట గదా!" అన్నాడు జయన్న అమాయకంగా.

తులసి వెంటనే ఫోను చేస్తే భీమసేనరావు గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"నీ మెసేజికి వంక పెట్టేదానికి లేదమ్మా. అంత కచ్చితంగా ఉండేవాళ్ళు నాకు బరువు. నెలాఖరుకు వేరే ఇల్లు చూసుకోండి. మన మధ్య కాగితమేముంది?"

"ఒక్క మాట మెత్తగా రాసింటే పోయేదేముండె?" అన్నాడు గురుదత్.

"ఇన్నాళ్ళూ మీరు మెత్తగానే రాసినారు కదా. ఒక్క తట్ట సిమెంటు వచ్చిందా?" అంది ఆమె.

సాయంత్రం భూమిక బడి నుంచి వచ్చి, నున్నటి కప్పు చూసి ఎగిరి గంతేసింది.

"అమ్మా, ఇంక భయం లేకుండా ఈడ పడుకోవచ్చు కదా?"

"పడుకో నాయనా, నెలాఖరు దాకా" అంది తులసి.