ఆకుపచ్చ మూల

బాన్సువాడ చివర్న ఉన్న ఆరోగ్య కేంద్రంలో సుజన కంప్యూటర్ ఆపరేటర్. చుట్టుపక్కల ఏ తండాలో ఎవరు కడుపుతో ఉన్నా ఆ పేరు ఆమె ఎక్సెల్ టేబుల్లోకి ఎక్కాల్సిందే. చివరి నెలసరి తారీఖు కొడితే పక్క గడిలో కాన్పు తారీఖు దానంతటదే పడుతుంది. ఆ ఫార్ములా పెట్టింది తనేనని ఆమెకు కాస్త గర్వం. ఉండనివ్వండి, మనిషన్నాక ఏదో ఒకటి ఉండాలి కదా. ప్రతి సోమవారం ఆ వారం కాన్పులను ఫిల్టర్ చేసి ప్రింట్ తీస్తుంది. అందులో పేరుంటే నర్సు మంజులత ఫోన్ చేస్తుంది, బండి పోతుంది. పేరు లేకపోతే ఎవరూ పోరు.

భీమ్లా భార్య ధర్మి మొదటిసారి వచ్చినప్పుడు నెలసరి తారీఖు తడుముకోకుండా చెప్పింది.

"తీజ్ బుట్టలు చెరువుల కలిపిన దినమే అక్కా. నా ఆడబిడ్డ బుట్ట ఎత్తిద్దామని పోతుంటే అయింది. ముట్టుకోనియ్యలే నన్ను. ఎట్ల మర్చిపోత?"

సుజన లంబాడీల తీజ్ పండుగ ముగిసిన తేదీ చూసి ఆగస్టు పది అని కొట్టింది. పక్కన మే పదిహేడు పడింది.

ఏడో నెల దాటాక ధర్మి స్కానింగ్ కాగితం తెచ్చింది. అందులో కాన్పు తారీఖు జూన్ ఎనిమిది అని ఉంది. ఆ రోజు మంజులత వర్ని వైపు టీకాలకు పోయింది. అడగడానికి ఎవరూ లేరు.

"నా లెక్క తప్పుతదా అక్కా?" అంది ధర్మి.

"మిషన్ చూసి చెప్పింది కదా ధర్మీ," అని సుజన ఫార్ములా ఉన్న గడిలోనే జూన్ ఎనిమిది అని చేత్తో కొట్టేసింది. గడి మూలన, ఏదో తేడా ఉందన్నట్టు, చిన్న ఆకుపచ్చ త్రికోణం మెరిసింది. అలాంటివి ఆ టేబుల్లో బోలెడు. ఫోన్ నంబర్లు టెక్స్ట్‌గా ఉన్నందుకు ఆ వరుసంతా పచ్చగానే ఉంటుంది. సుజన దాన్నీ వాటిలో కలిపేసింది.

మే నెలాఖరులో భీమ్లా ఫోన్ చేశాడు. "మా ఆమె దినాలు దాటినయంటుంది మేడం."

సుజన తెర చూసి చెప్పింది. "జూన్ ఎనిమిదన్నా. ఫికర్ చెయ్యకుండ్రి. మేమే ఫోన్ చేస్తం."

జూన్ మొదటి సోమవారం లిస్టు తీసే ముందు ఎందుకో టేబుల్ శుభ్రం చేద్దామనిపించింది. ఫోన్ నంబర్ల వరుసంతా ఎంచి 'ఇగ్నోర్ ఎర్రర్' నొక్కింది. పచ్చదనమంతా పోయింది. ఒక్కటి మిగిలింది, కాన్పు తారీఖుల వరుసలో, ధర్మి పేరుకు ఎదురుగా.

దాని మీద నొక్కింది. ఈ గడి ఈ వరుస ఫార్ములాతో కలవడం లేదని హెచ్చరిక. కింద 'రిస్టోర్' అని ఉంది. నొక్కగానే జూన్ ఎనిమిది పోయి మే పదిహేడు వచ్చింది.

"మంజులతక్కా!" అని సుజన కేక పెట్టింది.

మంజులత తెర వంక, ఫైల్లోని స్కానింగ్ కాగితం వంక చూసి తల పట్టుకుంది. "ఏడో నెల స్కానింగుతోని తారీఖు మారుస్తరా పిల్లా? ఆమె తారీఖు పక్కా చెప్పె కదా! బిడ్డ ఎదగకుంటే మిషన్ల చిన్నగ కనపడ్తది, కాన్పు తారీఖు ఆలస్యంగ చూపెడ్తది. గసొంటి బిడ్డనే ముందుగాల చూసుకోవాలె." అంటూనే ఫోన్ కలిపింది. "ధర్మీ, బిడ్డ కదులుతుందా?"

మంజులత ముఖం చూస్తే సుజనకు అర్థమైంది. నిన్న పొద్దుటి నుంచి కదలడం లేదట.

బండి పోయింది. పెద్ద దవాఖానలో ధర్మి బతికింది. ఆడపిల్ల పుట్టింది, ఊపిరి లేకుండా.

తర్వాత చూపించుకోవడానికి ధర్మి మొగుడితో వచ్చింది. పాలు ఇంకా ఆగలేదని మంజులతకు చెబుతుంటే, గోడ ఇవతల సుజన చెవులు మూసుకోవాలనుకుని మూసుకోలేకపోయింది. లేచి వెళ్లి ధర్మి ముందు నిలబడింది.

"తప్పు నాది ధర్మీ. నువ్వు చెప్పిందే నిజం. నేనే దిద్దిన."

భీమ్లా తల తిప్పుకున్నాడు. ధర్మి తిట్టలేదు. తిడితే బాగుండునని సుజన ప్రాణం కొట్టుకుంది.

"నాకు ఎరుకే అక్కా దాటిందని," అంది ధర్మి. "దవాఖానకు పోదమన్నడు గూడ ఈయన. నేనే వద్దన్న. నువ్వు ఫోన్ చేస్తనన్నవ్ కదా, ఫోన్ దిండు పక్కకే పెట్టుకొని పన్న."