రెప్ప వేసే బొమ్మ

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఆమెను అందరూ తాళాలక్క అనేవారు. ఇస్త్రీ రోలర్లలో దుప్పటి ఇరుక్కుంటే ముందు మెయిన్ స్విచ్ ఆపాలి, దానికి తాళం వేయాలి, తాళంచెవి జేబులో వేసుకోవాలి, ఆ తరవాతే లోపల చెయ్యి పెట్టాలి. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరి చేతా ఆమె ఈ పని ఇరవైసార్లు చేయించేది. విసుక్కున్నవాళ్ల చేత ముప్పైసార్లు.

ఆరు నెలల కిందట ట్రైనింగ్ ఆఫీసరు ఆమెను పచ్చ గుడ్డ ముందు కూర్చోబెట్టి, పావుగంట ఏదో చదివించి, కెమెరాలో పట్టాడు. ఇక మీరు అరవనక్కర్లేదు మేడమ్, నేను రాసింది కంప్యూటర్‌లో తయారయ్యే మీ బొమ్మే మీ గొంతుతో చెబుతుందన్నాడు. రాసిన ప్రతి ముక్కా ముందు తనకు చూపించాలన్న షరతు మీదే ఆమె సంతకం పెట్టింది.

మొదటి రెండు వీడియోలూ చూపించాడు. వాక్యాలు చిన్నవిగా, మాట్లాడినట్టే ఉండాలని ఇద్దరూ కలిసి కుదించారు. ఉష్ణోగ్రతను అంకెల్లో రాస్తే బొమ్మ అడ్డదిడ్డంగా చదివేది. దాన్ని అక్షరాల్లో రాయాలని కనిపెట్టింది ఆమే. ఇంట్లో ఆయన ఆ వీడియో చూసి, రెండు నిమిషాల్లో ముగించే విద్య నీకు ఇంతకాలం రాలేదేమిటని ముచ్చటపడ్డాడు. ఆ పూట ఆయన కాఫీ ఆయనే పెట్టుకున్నాడు.

మూడో వీడియో సంగతి ఆమెకు తెలిసింది ఒక మంగళవారం, రోలర్ల దగ్గర కేక వినబడ్డాక. ఇరుక్కున్న దుప్పటిని కొత్తగా చేరిన అమ్మాయి లోపల చెయ్యి పెట్టి లాగుతోందట. అటువైపు ఉన్నవాడు చూసుకోకుండా మెషీన్ ఆన్ చేశాడు. చొక్కా చెయ్యి చిరిగిపోయి రోలర్‌లోకి పోయింది గనక సరిపోయింది. ఆ అమ్మాయి ముంజేతి మీద ఎర్రటి గీత మాత్రం మిగిలింది.

తాళం ఎందుకు వేయలేదని తాళాలక్క అడిగింది. ఆ అమ్మాయి ఆమె వైపు వింతగా చూసింది.

"మీరే చెప్పారుగా అక్కా. మెషీన్ ముందున్న ఆపే కడ్డీ నొక్కి, రోలర్ ఆగాక లాగమని. ఇరవై రెండేళ్లుగా అలాగే చేస్తున్నానని కూడా అన్నారు."

తాళాలక్క తిన్నగా ట్రైనింగ్ గదికి వెళ్లి వీడియో పెట్టించుకుంది. తెర మీద తన మొహమే. చక్కగా రెప్పలు వేస్తూ, చేతులు అటూ ఇటూ ఊపుతూ, తాను జన్మలో అనని మాట నవ్వుతూ చెబుతోంది. ఇది బొమ్మ అన్న ముక్క ఎక్కడా లేదు.

ఆఫీసరు నీళ్లు నమిలాడు. బొమ్మ తాళం పట్టుకోలేదనీ, చేతులు ఊపడం తప్ప దానికి ఏమీ రాదనీ, అందుకే తాళం వేయమన్న వాక్యం తీసేశాననీ చెప్పాడు. ఇరవై రెండేళ్ల మాటంటారా, వినేవాళ్లకు దగ్గరగా ఉంటుందని కలిపాడట. ఇది బొమ్మ అని తెర కింద పట్టీ వేస్తే ఎవరూ నమ్మరని అది కూడా తీసేశాడట. మీకు చూపిద్దామనే అనుకున్నాను, పని ఒత్తిడి అన్నాడు.

"నమ్మకూడనిదాన్ని నమ్మించడానికి నా మొహం కావాల్సొచ్చిందా బాబూ?" అంది ఆమె. "ఆ పిల్ల నమ్మింది బొమ్మను కాదు. నన్ను."

గొడవ విని మేనేజరు వచ్చాడు. వీడియో కింద వివరాల్లో చిన్న అక్షరాలతో ఒక లైను కలుపుదామన్నాడు. ఆమె ఒళ్లు మండింది. ఆ చిన్న అక్షరాలు చదవడానికి మా వాళ్లు భూతద్దాలు తెచ్చుకోవాలా అంది. మొదటి వాక్యంలోనే బొమ్మ తన నోటితో చెప్పాలి, చివరిదాకా తెర మీద పట్టీ ఉండాలి, తాళం వేసే పని నిజం చేతులతో తీయాలి, 'నేను చేశాను' అన్న మాట బొమ్మ నోట రాకూడదు. ఇవన్నీ అయ్యేదాకా ఆ వీడియో తీసేసి, రోలర్లు ఆపమంది. లేదంటే తన మొహం తనకు తిరిగి ఇచ్చేయమంది. దుప్పట్ల కోసం ఆసుపత్రులు ఫోన్లు చేస్తాయని మేనేజరు అన్నాడు. చెయ్యి పోయినవాళ్లను కూడా అక్కడికే పంపాలి కదా సార్ అంది.

రోలర్లు ఆగాయి.

మాటలు మార్చి బొమ్మ చేత చెప్పించడానికి అరగంట చాలింది. ఆమె చేతుల్ని ఫోన్‌తో తీయడానికి ఇంకో పావుగంట. ఈ మాత్రం దానికా పని ఒత్తిడి అన్నాడని ఆమెకు మళ్లీ మండుకొచ్చింది.

మధ్యాహ్నం షిఫ్టు మారేవేళ అందరినీ కూర్చోబెట్టి కొత్త వీడియో వేశారు. తెర మీది మొహం, "నేను కంప్యూటర్ తయారుచేసిన బొమ్మను. ఈ మెషీన్‌ను నేను ఎప్పుడూ ముట్టుకోలేదు. తాళం ఎలా వేయాలో మనిషి చూపిస్తుంది" అంది. తరవాత తాళాలక్క చేతులు కనబడ్డాయి. వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి.

చేతికి కట్టు ఉన్న ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"మరి నిన్నటిదాకా మాకు చెప్పింది ఎవరక్కా?"

మేనేజరు గడియారం చూసుకున్నాడు. తాళాలక్క గోడవార నిలబడ్డ ఆఫీసరు వైపు తిరిగి, ముందుకు రమ్మన్నట్టు తల ఊపింది. అతడు కదలలేదు. ఆమె కూడా చూపు తిప్పలేదు. నలభై మంది మెడలు అటే తిరిగాయి.

చివరికి అతడు గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు.

"నేనే రాశాను. మేడమ్‌కి తెలీదు."

"ఆ చెయ్యి చూస్తూ చెప్పండి," అంది తాళాలక్క.