బొమ్మ బుగ్గ మీద తడి

మోత్కూరులో మా ఇంటి వెనక గది తలుపు మీద ‘లోపలికి రావద్దు’ అని కాగితం అంటించాను. మా ఇంట్లో రాసింది చదివేవాళ్లు ఉన్నారు గానీ వినేవాళ్లు లేరు.

గదిలో బల్ల మీద డప్పు కొట్టే ముసలాయన నిలబడి ఉన్నాడు. జానెడు బొమ్మ. దుకాణంలో కొన్న నూనె మట్టి కాబట్టి ఎండదు, పగలదు. చేతిని కొంచెం కదిలించాలి, ఫోనుతో ఫొటో తీయాలి, మళ్లీ కదిలించాలి. సెకనుకు పన్నెండు ఫొటోలు పరుగెత్తిస్తే ముసలాయన డప్పు కొడతాడు. అలాంటి ఇరవై సెకన్ల వీడియో సోమవారం పొద్దున పంపాలి. నచ్చితే ఇంట్లో కూర్చునే చేసే పని ఇస్తామని హైదరాబాదులో ఒక స్టూడియోవాళ్లు అన్నారు. పెళ్లయ్యాక నాకంటూ ఎదురొచ్చిన మొదటి పని. చేజారితే తట్టుకోలేననిపించేది.

అందుకే ఫోను నిలబెట్టే ట్రైపాడ్ కాళ్లను టేపుతో నేలకు అంటించాను. కిటికీకి నల్ల దుప్పటి కట్టి, ఎండ ఎటు తిరిగినా తేడా రాకుండా రెండు బల్బులతోనే పని కానిచ్చాను. ఫోకస్‌నూ వెలుగునూ ఫోన్‌లో లాక్ చేశాను. ఫోను అదరకుండా ఇయర్‌ఫోన్ బటన్‌తోనే ఫొటో తీసేదాన్ని. ఫోనును స్టాండు మీంచి దించేదాన్నే కాదు.

శుక్రవారం సాయంత్రం వంట ముగించి వచ్చేసరికి ఏదో తేడా కనిపించింది. నేను వాడే యాప్ పాత ఫొటోను ఇప్పటి దృశ్యం మీద పలచగా చూపిస్తుంది. గోడ కలిసింది, బల్ల అంచు కలిసింది. ముసలాయన కుడిచెయ్యి మాత్రం కిందికి వాలింది, కండువా పక్కకు జరిగింది, బుగ్గ మీద సన్నటి మెరుపు ఉంది. బల్బుల తప్పయితే గోడ కూడా మెరవాలి. ట్రైపాడ్ కదిలితే బల్ల అంచు కూడా జరగాలి. అంటే ఎవరో బొమ్మనే ముట్టుకున్నారు, అదీ ట్రైపాడ్‌కు తగలకుండా. ఈ పని తెలిసిన మనిషే అయి ఉండాలి.

ఇంట్లో అలాంటి మనిషి ఒక్కతే, మా తోటికోడలు గ్లోరీ అక్క. మొదట్లో పక్కన కూర్చుని నాకు బటన్ నొక్కింది ఆమే. కుట్టుమిషన్ పెట్టుకోవడానికి ఆ గది అడిగిందీ ఆమే. బొమ్మను సరిచేసుకుని పనిలో పడ్డాను. శనివారం మళ్లీ అదే జరిగింది. ఇక నా వల్ల కాలేదు.

“బొమ్మను ముట్టినవా అక్కా?”

బియ్యం ఏరుతున్న మా అత్తమ్మ మారెమ్మ వైపు ఒకసారి చూసి, “నాకేం పని?” అంది అక్క.

“గా గది కోసమే గదా! మిషన్ పెట్టుకోనీకి నా పని ఖరాబు జేస్తవా?”

ఇంటిల్లిపాదీ విన్నారు. అక్క లేచి వెళ్లిపోయింది. తప్పు చేసింది కాబట్టే వెళ్లిందనుకున్నాను.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక కాసేపు పని చేసి, ఐదు సెకన్లకొక ఫొటో దానంతటదే తీసేలా ఫోన్‌ను పెట్టి వంటింట్లోకి వెళ్లాను. వినపడేలా గిన్నెలు చప్పుడు చేశాను. తర్వాత తలుపేసుకుని ఆ ఫొటోలు నడిపించాను. నిమిషమంతా ఒక్క సెకనులో గడిచిపోతోంది.

ముందు అత్తమ్మ వచ్చింది. మట్టిబొమ్మలా గతుక్కు గతుక్కున కదులుతూ, తడిగుడ్డతో ముసలాయన నెత్తి, బుగ్గలు, చేతులు అద్దింది. కొత్తగా వేసిన మట్టిపొయ్యి నెర్రెలు బారకుండా ఆమె అద్దేది కూడా అట్లాగే. ఆమె వెళ్లగానే గ్లోరీ అక్క వచ్చింది. ట్రైపాడ్‌కు తగలకుండా కొంగు నడుములో దోపుకుని, పొడి దూదితో ఒక్కొక్క చుక్కా తుడిచింది. తుడుస్తుంటే బొమ్మ చెయ్యి వాలింది. దాన్ని పైకెత్తి నిలబెట్టాలని చాలాసేపు తంటాలు పడింది.

నాకు తల కొట్టేసినట్టయింది. అక్క దగ్గరికి వెళ్లాను. వసారాలో మిషన్ తొక్కుతోంది.

“అత్తమ్మ నీళ్లద్దుతాందని నాకెందుకు చెప్పలే అక్కా?”

“చెప్తె? నన్నడిగినట్టే ఆమెనూ అడుగుతుంటివి,” అంది తల ఎత్తకుండా. “గిది పొయ్యి మట్టి గాదత్తమ్మా అంటె ఇనదు. కోడలు బొమ్మ పగులుతదని ఒక్కటే ఫికర్ ఆమెకు.”

“తప్పయింది అక్కా. ఇంక కొన్ని ఫొటోలే ఉన్నయి. జర వచ్చి బటన్ నొక్కవా?”

కుట్టు పూర్తి చేసి, దారం తెంపి, వచ్చింది. కుర్చీని బల్లకు దూరంగా లాక్కుని ఇయర్‌ఫోన్ పట్టుకుంది. ఎంత సర్దినా బొమ్మ కండువా నిలవడం లేదు.

“నువ్వు సరిజెయ్యి అక్కా.”

“నేను ముట్ట,” అంది. “బటన్ నొక్కుత, గంతే.”

ఎలాగో నేనే సరిచేసి చెయ్యి పక్కకు తీశాను. ఆమె బటన్ నొక్కింది.