సంతకం చేయవలసిన మనిషి

కొవ్వూరులో ఇల్లు ఖాళీ చేసి, పాలకొల్లులో అక్క రెబెక్కా దగ్గరకు వెళ్లిపోవాలని వినీల నిశ్చయించుకుంది. కరెంటు, గ్యాసు కాగితాల పనులు అయిపోయాయి. మిగిలింది ఇంటర్నెట్ కనెక్షన్ ఒక్కటే. అది భర్త యెహెజ్కేలు పేరు మీద ఉంది. ఇంట్లోంచే పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పేవాడాయన. ముప్పై తొమ్మిదేళ్లకే గుండె ఆగిపోయి మూడు వారాలైంది.

తొమ్మిదేళ్ల కూతురు దీవెనను వెంటబెట్టుకుని బ్రాడ్‌బ్యాండ్ ఆఫీసుకు వెళ్లింది. కౌంటర్లో సురేష్‌బాబు కంప్యూటర్లో చూసి చెప్పాడు.

"ఏడాది ప్లానండి. ఇంకా ఐదు నెలలుంది. మధ్యలో తీసేస్తే, కనెక్షన్ ఇచ్చినప్పుడు మాఫీ చేసిన ఇన్‌స్టలేషన్ చార్జీ పదిహేను వందలు కట్టాలండి."

"కట్టేస్తానండి."

"నెల ముందు నోటీసివ్వాలి. ఫారం మీద సార్ సంతకం కావాలండి. ఒకసారి రమ్మనండి."

ఆయన పోయిన సంగతి వినీల బ్యాంకులో చెప్పింది, స్కూల్లో చెప్పింది, మున్సిపాలిటీలో చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆయన మళ్లీ కొత్తగా పోయినట్టే ఉండేది. ఆ మాట తప్పించుకోవడానికే చార్జీ కూడా కట్టేద్దామనుకుంది.

"ఆయన... ఊళ్లో లేరండి," అంది.

"నాన్న చచ్చిపోయాడండి," అంది దీవెన.

ఆ పిల్ల నోట ఆ మాట రావడం అదే మొదలు. అంత్యక్రియల రోజు కూడా అనలేదు. వినీల కూతుర్ని దగ్గరకు లాక్కుంది.

సురేష్‌బాబు లేచి నిలబడ్డాడు. "క్షమించండమ్మా. అయితే ఆ చార్జీ మీరు కట్టక్కర్లేదండి. మా దగ్గర రూలుంది. డెత్ సర్టిఫికెట్, మీ ఆధార్ జిరాక్సులు ఇవ్వండి, సంతకం మీరే పెట్టొచ్చు. నెలపాటు లైను పని చేస్తుంది. ఆగిపోయాక పదిహేను రోజుల్లోగా రౌటరు, అడాప్టరు తెచ్చివ్వాలి. లేకపోతే వాటి ఖరీదు పడుతుందండి."

బ్యాగులోంచి సర్టిఫికెట్ తీసిచ్చి వినీల సంతకం పెట్టింది.

దారిలో అడిగింది. "ఎందుకు చెప్పావమ్మా?"

"నువ్వు చెప్పలేకపోతున్నావుగా," అంది దీవెన. అప్పుడు ఏడ్చింది. గోదావరి గట్టు మీద ఇద్దరూ చాలాసేపు కూర్చున్నారు.

ఆ నెలంతా ఇల్లు సర్దుతూనే ఉన్నారు. ముప్పయ్యోరోజు ఉదయం రౌటరులో ఇంటర్నెట్ దీపం ఎర్రగా మారింది. వినీల దాన్ని తుడిచి, అడాప్టరు వైరు చుట్టి, సంచిలో పెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్లింది.

సురేష్‌బాబు రౌటరు వెనకనున్న నంబరు సరిచూసి రసీదు రాసిచ్చాడు. "అయిపోయిందండి. ఇంక మీరు రానక్కర్లేదు."

వినీల సరేనంది, కాని లేవలేదు. ఆయన పేరు మీద చేయాల్సిన పని ఇంకేమీ మిగల్లేదు. ఆ కుర్చీలోనే కూర్చుండిపోయింది. సురేష్‌బాబు ఫ్యాను ఆమె వైపు తిప్పి, తర్వాతి మనిషిని పక్క కౌంటరుకు రమ్మన్నాడు.