నెలాఖరు కాపీ

రొయ్యల ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఉద్యోగం అంటే బయటివాళ్లకి నవ్వులాట. రొయ్యకి తల తీయాలి, పెంకు వలవాలి, ఐసు వేయాలి, ఇందులో కంప్యూటర్‌కేం పని అని సత్యవాణి మేనమామే పెళ్లిళ్లలో నలుగురి ముందూ అడిగేవాడు. ఆయనకి తెలియనిదేమిటంటే, పాలకొల్లు దాటాక కాలవ గట్టున ఉన్న ఆ ఫ్యాక్టరీలో రొయ్య కన్నా ముందు రొయ్య పుట్టుపూర్వోత్తరాలు ఓడెక్కాలి. ఏ చెరువుది, ఏ మేత తింది, ఒంట్లో మందుల అవశేషాలున్నాయా లేవా, ఇవన్నీ చెప్పలేకపోతే అవతలి దేశం వాడు పెట్టె మూత కూడా తీయడు.

ఆ వివరాలన్నీ సత్యవాణి చేతిలో ఉండేవి. చేతిలో అనడం కూడా గొప్పకే. రోజూ షిఫ్టు ముగిశాక తనంతట తానే నడిచే ప్రోగ్రాం ఒకటి ఉండేది. చెరువుల దగ్గర మనుషుల ఫోన్ల నుంచీ, ల్యాబ్ నుంచీ, కోల్డ్ స్టోరేజీ నుంచీ కొత్త అంకెలు తెచ్చి పాతవాటి స్థానంలో రాసేది. దాన్ని రిఫ్రెష్ అనేవారు. రాయబోయే ముందు అప్పటిదాకా ఉన్న పట్టిక మొత్తానికి ఒక కాపీ తీసి క్లౌడ్‌లో దాచేది. అది స్నాప్‌షాట్. ఏ లాట్ వివరం, అంటే ఏ చెరువు సరుకు వివరం, ఎప్పుడు మారిందో ఒక చిట్టా రాసుకునేది. అది లాగ్. ఎవరూ మీట నొక్కక్కర్లేదు, ఎవరూ కాపలా ఉండక్కర్లేదు. కాపలా అక్కర్లేని పని వైపు మనిషి కన్నెత్తి చూస్తాడా? సత్యవాణీ చూడలేదు. కాపీల మీద కాపీలు పడుతూనే ఉన్నాయి.

ముందు చూసింది యజమాని సూర్యరాజు గారు. ఆయనకి కంప్యూటర్ తెలియదు గానీ బిల్లు తెలుసు. క్లౌడ్ అద్దె ప్రతి నెలా కాస్త కాస్త పెరుగుతోందని ఆయన కనిపెట్టి, సత్యవాణిని పిలిచి కూర్చోబెట్టి, కోపం లేకుండానే అడిగారు. కోల్డ్ స్టోరేజీలో సరుకు పెడితే కరెంటు ఖర్చవుతుంది, దానికి అర్థముంది, కనపడని సరుకుకి ఈ అద్దె ఏంటమ్మా అన్నారు. ఆమె విప్పి చూసేసరికి విషయం తేటతెల్లమైంది. ప్రతి స్నాప్‌షాటూ పూర్తి పట్టికే. అందులో చాలా వరుసలు ముందురోజువే, అక్షరం మారనివే. ఒకే ఫోటోని రోజుకోసారి ఫ్రేమ్ కట్టించి గోడలన్నీ నింపినట్టు ఉంది వ్యవహారం.

సత్యవాణి పనిమంతురాలు, ఆ మాట ఇప్పటికీ ఎవరూ కాదనరు. కూర్చుని ఒక నియమం రాసింది. ఈ మూడు నెలల్లో తీసిన కాపీలన్నీ ఉంటాయి. అంతకన్నా పాతవైతే నెలకొకటి, ఆ నెల ఆఖరి రోజుది మాత్రమే ఉంటుంది. తక్కినవి పోతాయి. పాత లాగ్‌లకీ అదే మూడు నెలల గడువు. చెరిపే ముందు, ఏవి పోతాయో ఏవి మిగులుతాయో ప్రోగ్రాంని ఒకసారి ఉత్తుత్తిగా నడిపి జాబితా తీసింది. మిగిలే ప్రతి కాపీనీ తెరిచి చూసింది. అన్నీ తెరుచుకున్నాయి. క్వాలిటీ మేనేజర్ సుధాకర్‌కి మెయిల్ పెట్టింది: ఆడిట్ కోసం నెలాఖరు కాపీలు రెండేళ్లు ఉంచుతాం, సరిపోతుందా అని. ఆయన భోజనం చేస్తూ ఫోన్లోనే ఓకే కొట్టాడు. ఆ ఓకేకి ముందు ఆయనా ఆలోచించలేదు, ఆ ప్రశ్న అడిగే ముందు ఆమె కూడా ఆలోచించలేదు. చెరిపినవి కొన్నాళ్లు చెత్తబుట్టలో ఉండి ఆ తరవాత శాశ్వతంగా పోయాయి. బిల్లు సగానికి పైగా దిగింది. రాజుగారు మీటింగులో అందరి ముందూ మెచ్చుకుని, జీతం సంగతి చూద్దాం అన్నారు. ఇంటికి వెళ్లి ఆ మాట భర్తకి చెప్పుకుని మురిసిపోయింది పాపం.

వర్షాకాలం వెళ్లాక ఒక కంటైనర్ అవతలి రేవులో ఆగిపోయింది. రొయ్యలో ఉండకూడని మందు ఉందన్నారు. పెట్టెల మీది నంబరు పట్టుకుని వెనక్కి వస్తే అది వేసవిలో పట్టిన ఒక చెరువు సరుకు. చెరువు దించి రొయ్య పట్టే పట్టుబడికి ముందు ఆ చెరువు రొయ్యని మన ల్యాబే పరీక్షించింది. పట్టికలో ఫలితం 'లేదు' అని ఉంది. పరీక్ష చేసినవారి గడిలో లోవలక్ష్మి పేరుంది.

లోవలక్ష్మి నరసాపురం వైపు మనిషి. ఫ్యాక్టరీ బస్సులో అందరికన్నా ముందు దిగి, చేతులు రెండుసార్లు కడుక్కుని గానీ ల్యాబ్‌లో అడుగుపెట్టేది కాదు. ఆమె చెప్పింది ఒకటే మాట. ఆ శాంపిల్‌లో మందు ఉంది, నేను 'ఉంది' అనే కొట్టాను, మర్నాడు నాకు సెలవు, తిరిగొచ్చేసరికి ఆ చెరువు పట్టేశారు, మళ్లీ పరీక్ష చేసి ఉంటారనుకున్నాను. ల్యాబ్ మొత్తానికి ఒకటే లాగిన్ కాబట్టి ఎవరు మార్చారో పట్టిక చెప్పదు. పరీక్ష యంత్రం కొత్త రీడింగులకి చోటివ్వడానికి పాతవి చెరిపేసుకుంటుంది. అది ముద్రించిన చీటీ ఫైల్లో ఉంది గానీ, ఆ రకం కాగితం మీది అక్షరాలు మన ఎండలకి ఆగవు, తెల్లగా అయిపోయింది.

ఇన్ని పోయినా లోవలక్ష్మి బెదరలేదు. ఆమె నేరుగా సత్యవాణి గదికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ రోజు కాపీ ఒక్కటి తీసి చూపించండి వాణిగారూ. అందులో 'ఉంది' అనే ఉంటుంది. నాకింకేం అక్కర్లేదు."

ఆ ధీమా ఆమెకి ఎక్కడి నుంచి వచ్చిందో సత్యవాణికి తెలుసు. ఒకప్పుడు లోవలక్ష్మి ప్రతి రీడింగునీ తన ఫోన్లో ఫోటో తీసుకునేది. ల్యాబ్ వాళ్లకి ఈ సిస్టమ్ వాడకం నేర్పిన రోజున, ఆ ఫోటోలు ఎందుకండీ, రోజూ సిస్టమే కాపీ తీసి దాస్తుంది, మీరు కొట్టింది ఎక్కడికీ పోదు అని నవ్వుతూ చెప్పింది సత్యవాణే. ఆవిడ నమ్మి ఫోటోలు మానేసింది. చదువుకున్నావిడ, మనలో మనిషి చెబితే నమ్మకేం చేస్తుంది?

వెతికి చెబుతానంది సత్యవాణి. వెతకడానికి ఏముందో ఆమెకి అప్పటికే తెలుసు. అయినా వెతికింది. ఆ నెలకి మిగిలింది ఒక్క కాపీ, నెలాఖరుది. తెరిచి చూస్తే అందులో ఆ లాట్ సరుకు కోల్డ్ స్టోరేజీకి చేరిపోయి ఉంది, ఫలితం 'లేదు' అనే ఉంది. అసలు ఆ కాపీలో నెలాఖరు రోజున పట్టుబడి అంటూ ఒక్కటీ లేదు. ఎందుకు లేదా అని తేదీ వంక చూసింది. అమావాస్య దగ్గర.

అప్పుడు ఆమెకి అసలు తప్పు కనపడింది. అమావాస్యకి రొయ్య పెంకు వదులుతుంది, ఒళ్లు మెత్తబడి ఉంటుంది, ధర పలకదు. ఆ రోజుల్లో డెల్టాలో చెరువు దించేవాడు ఉండడు. ఇది ఆమెకి ఎవరో చెప్పాల్సిన సంగతి కాదు, నాన్న చెరువు గట్టు మీద పెరిగిన పిల్ల. అమావాస్యకీ పున్నమికీ మధ్యన పట్టుబడులు, పరీక్షలు, దిద్దుబాట్లు అన్నీ జరుగుతాయి. ఆ సంగతంతా ఒంట్లో ఇంకిపోయిన మనిషి, కంప్యూటర్ ముందు కూర్చునేసరికి గోడ క్యాలెండర్ చూసి నెలాఖరు అని రాసింది. ఆ నెలలో ఏ రోజున ఏమీ జరగలేదో ఆ రోజుని పదిలంగా దాచి, జరిగిన రోజులన్నీ పారేసింది.

ఇంకో సంగతి ఆమెని ఎక్కువ బాధపెట్టింది. దారి లేక చేసిన పని కాదు అది. ప్రతి కాపీనీ ముందురోజు దానితో పోల్చి, మారిన వరుసలు మాత్రం, పాత విలువా కొత్త విలువా ఎప్పుడు మారిందీ వేరే పట్టికలో రాసి పెట్టుకుని, తరవాత కాపీలు చెరిపేయొచ్చు. ఆ మార్పులన్నీ కలిపినా పిడికెడు. బిల్లు అంతే తగ్గేది. చరిత్ర ఉండేది. ఇప్పుడు రెండు రోజులు కూర్చుని ఆ ప్రోగ్రాం రాసింది, ఇకమీదట జరిగేవాటికి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, అదే.

ఆ కంటైనర్ మీద ఫ్యాక్టరీ పెట్టిన విచారణకి ముందు సుధాకర్ ఆమె గదికి వచ్చి తలుపు వేశాడు. చెడ్డవాడని చెప్పలేం, భయపడ్డవాడు. పోయిన సంగతి ఎందుకండీ ఎత్తడం, కొనేవాళ్ల ఆడిటర్లు వింటే ఫ్యాక్టరీ మొత్తానికే ఎసరు, 'ఉన్న కాపీలు పరిశీలించాం, తేడా కనపడలేదు' అని రాయండి, అందులో అబద్ధం కూడా లేదు అన్నాడు. నిజమే, అందులో అబద్ధం లేదు. అంత శుభ్రమైన వాక్యం లోవలక్ష్మి మెడకి ఉరి అవుతుంది, అంతే.

సత్యవాణి అలా రాయలేదు. వేసవి నాటి రోజువారీ కాపీలనీ లాగ్‌లనీ చెరిపింది తన నియమమేననీ, ఆ రోజు పట్టికలో ఏముందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరనీ, తేడా కనపడకపోవడానికి కారణం తేడా లేకపోవడం కాదనీ రాసి సంతకం పెట్టింది. రాజుగారు చదివారు. ఆమెని తిట్టలేదు. బిల్లు తగ్గించమన్నది తనేనన్న సంగతి ఆయనకి గుర్తుంది, మనిషి అన్యాయస్థుడు కాదు. కానీ అవతలి వాళ్లకి ఏదో ఒక చర్య చూపించాలి, ఆ పరీక్ష ఎదురుగా ఉన్న పేరు ఒక్కటే.

లోవలక్ష్మిని తీసేశారు. తప్పు చేసిందని ఎక్కడా అనలేదు. చేయలేదని కూడా అనలేదు. 'నిర్ధారించడానికి ఆధారం లేదు' అన్నారు. ఆ ముక్కతో ఈ చుట్టుపక్కల ఇంకో ల్యాబ్‌లో ఉద్యోగం దొరకదని అందరికీ తెలుసు. ఫలితం మార్చింది ఎవరో, అసలు మార్చారో లేదో, ఇప్పటికీ తెలియదు, ఇక తెలియదు.

వెళ్లే రోజున బస్సు హారన్ కొడుతున్నా లోవలక్ష్మి మెట్లెక్కి పైకి వచ్చింది. కోపంగా వస్తే సత్యవాణి తట్టుకునేదేమో. ఆమె మామూలుగానే వచ్చింది, గుమ్మంలోనే నిలబడింది.

"మీరు రాసింది చదివించారండి నాకు. మీ మీద వేసుకుని రాశారు, ఆ పాటి ఎవరు రాస్తారు. మీ తప్పు మీదేనని కాగితం మీదకెక్కింది."

సత్యవాణి లేచి నిలబడింది.

"నేను సరిగ్గానే కొట్టానన్నది మటుకు ఎక్కడా లేదు కదండీ వాణిగారూ?"

ఆమె నిష్ఠూరమాడటం లేదు. నిజంగానే అడుగుతోంది. ఏ మూలనైనా, ఏ మెషీన్లోనైనా, సత్యవాణికి మాత్రమే తెలిసిన చోటెక్కడైనా మిగిలి ఉందేమోనన్న ఆశ ఆ ముఖంలో ఇంకా ఉంది.

"లేదండి," అంది సత్యవాణి.